ప్రోటోకాల్ నుంచి పేపరుకు: ఒక మోకాలి నొప్పి అధ్యయనానికి పరిచయం, పద్ధతులు తిరిగి రాసిన తీరు

మోకాలి కీళ్ల అరుగుదల ఉన్నవారికి ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పి, వాటిని ఫోను సందేశాలతో గుర్తుచేస్తే పన్నెండు వారాల తర్వాత నొప్పి ఇంకా తగ్గుతుందా? ఈ అధ్యయనం అడిగిన ప్రశ్న ఇంతే. రెండు గుంపులవారికీ ఒకే వ్యాయామాలు నేర్పారు, ఒకే చిన్న పుస్తకం ఇచ్చారు. ఒక గుంపుకు అదనంగా వారానికి మూడు సందేశాలు వెళ్లాయి. ఎవరు ఏ గుంపులో ఉండాలన్నది రాండమైజేషన్ ద్వారా, అంటే లాటరీ లాంటి పద్ధతిలో నిర్ణయించారు. అధ్యయనం ముగిసింది, డేటా మూసేశారు, విశ్లేషణ కూడా అయింది. పేపరు రాసే దశలో బృందం నన్ను పిలిచింది. గుర్తింపు బయటపడకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇక్కడ ఇచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతాయి కాబట్టి చదివేవారు తామే లెక్క వేసి చూసుకోవచ్చు.

నా చేతికి వచ్చిన చిత్తుప్రతిని బృందంలోని పీజీ విద్యార్థి తయారుచేశారు. అధ్యయనం ఎలా చేయాలో ముందే రాసి ఆమోదం పొందిన పత్రాన్ని, అంటే ప్రోటోకాల్‌ను తెరిచి, నేపథ్యాన్ని పరిచయంగా, మిగతా భాగాన్ని పద్ధతులుగా పెట్టారు. ‘నమోదు చేసుకుంటాం’ అన్నచోట ‘నమోదు చేసుకున్నాం’ అని, ‘కొలుస్తాం’ అన్నచోట ‘కొలిచాం’ అని మార్చారు. భాష శుభ్రంగా ఉంది, ఒక్క వాక్యం కూడా తడబడదు. అందువల్లనే అది ప్రమాదకరం. ప్రోటోకాల్‌లోని వాక్యం ఒక ఉద్దేశాన్ని చెబుతుంది, పేపరులోని వాక్యం జరిగినదానికి సాక్ష్యం చెబుతుంది. క్రియాపదాన్ని మార్చిన క్షణంలో ఉద్దేశం కాస్తా సాక్ష్యమైపోతుంది. ఆ సాక్ష్యం నిజమో కాదో చూడాలంటే ప్రోటోకాల్ చాలదు, అధ్యయనం జరుగుతున్నప్పుడు పుట్టిన కాగితాలు కావాలి.

అందుకే రాయడానికి ముందు నాలుగు రకాల పత్రాలు అడిగాను. మొదటిది, తేదీలతో సహా ప్రోటోకాల్ ప్రతి వెర్షనూ, ఎథిక్స్ కమిటీ ఆమోదించిన సవరణలూ. రెండోది, అధ్యయనాలను ముందుగా బహిరంగంగా నమోదుచేసే ట్రయల్ రిజిస్ట్రీలో మొదటి నమోదు నుంచి ఇప్పటివరకు జరిగిన మార్పుల చరిత్ర. ప్రస్తుత పేజీ ఒక్కటే చూస్తే సరిపోదు, మొదటి రోగి చేరేనాటికి అక్కడ ఏముందన్నదే ముఖ్యం. మూడోది, క్షేత్రంలో నింపిన రికార్డులు: స్క్రీనింగ్ రిజిస్టరు, రాండమైజేషన్ జాబితా, సందేశాలు పంపిన లాగు, కొలతల ఫారాలు. నాలుగోది, విశ్లేషణకు వాడిన ప్రోగ్రామ్ ఫైళ్లు, వాటి తేదీలు. ఈ చివరిదాన్ని ఇవ్వమంటే చాలా బృందాలు ఆశ్చర్యపోతాయి, కానీ గణాంక విభాగం గురించి నిజం ఎక్కువగా దొరికేది అక్కడే.

తర్వాత ప్రోటోకాల్‌ను వాక్యం వాక్యంగా విడదీసి ఒక పట్టికలో పెట్టాం. ప్రతి వాక్యానికీ ఎదురుగా, దాన్ని రుజువు చేసే పత్రం ఏదో రాయాలి. రుజువు దొరికితే ‘సరిపోయింది’ అని, రికార్డు వేరేలా చెబితే ‘మారింది’ అని, ఏ పత్రమూ లేకపోతే ‘ఆధారం లేదు’ అని గుర్తు పెట్టాం. ఎక్కువ వాక్యాలు మొదటి రకంలోకే వచ్చాయి. మనకు పని పడేది మిగతా రెండింటితోనే. ఈ పట్టిక అయ్యేదాకా పరిచయం జోలికి వెళ్లవద్దని కోరాను. పరిచయం చివరి వాక్యంలో అధ్యయన లక్ష్యం ఉంటుంది, ఆ లక్ష్యం అధ్యయనం తేల్చాలనుకున్న ముఖ్యమైన కొలతకు, అంటే ప్రధాన ఫలితాంశానికి, కట్టుబడి ఉండాలి. ప్రధాన ఫలితాంశం ఏదో పద్ధతుల్లో తేలకుండా పరిచయం రాస్తే, వచ్చిన ఫలితం వైపు అది మనకు తెలియకుండానే వంగిపోతుంది.

తేలికైన మార్పులు త్వరగానే తేలాయి. మొదటి ప్రోటోకాల్‌లో వయసు పరిమితి 45 నుంచి 65 ఏళ్లు. రోగులు నెమ్మదిగా చేరుతున్నారని, 38 మంది చేరిన తర్వాత ఎథిక్స్ కమిటీ ఆమోదంతో దాన్ని 40 నుంచి 70కి పెంచారు. చిత్తుప్రతిలో మాత్రం మొదటి నుంచీ 40–70 ఉన్నట్టే రాసి ఉంది. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. మొదటి పరిమితి, మార్చిన సమయం, కారణం, ఆమోదం కలిపి ఒక్క వాక్యంలో చెప్పేశాం. రెండు గుంపులకూ సమానంగా పంచే ఒక్కో విడతలో, అంటే రాండమైజేషన్ బ్లాకులో, నలుగురేసి ఉంటారని ప్రోటోకాల్ చెప్పింది. అసలు జాబితా తెరిస్తే నాలుగు, ఆరు మంది బ్లాకులు కలిసి ఉన్నాయి. జాబితా తయారుచేసిన గణాంక నిపుణులు తర్వాతి వ్యక్తి ఏ గుంపో ఎవరూ ఊహించకూడదని, ఎవరినీ చేర్చుకోకముందే అలా చేశారు. పేపరులో జాబితా ప్రకారమే రాశాం.

అసలు చిక్కు ప్రధాన ఫలితాంశం దగ్గర వచ్చింది. నొప్పిని 100 మిల్లీమీటర్ల గీత మీద రోగి పెట్టే గుర్తుతో, అంటే విజువల్ అనలాగ్ స్కేలుతో కొలిచారు. ప్రోటోకాల్ సారాంశం పేజీలో ‘పన్నెండో వారం నొప్పి’ అని ఉంది. లోపల ఫలితాంశాల భాగంలో ‘నొప్పిలో తగ్గుదల’ అని ఉంది. అంటే మొదటి కొలతకూ పన్నెండో వారం కొలతకూ మధ్య తేడా. చిత్తుప్రతిలో మూడో రూపం కనిపించింది: ‘ఆరు, పన్నెండో వారాల్లో నొప్పి’. ఆరో వారం ప్రోటోకాల్‌లో ద్వితీయ ఫలితాంశం మాత్రమే. ఆ వారంలో తేడా స్పష్టంగా వచ్చింది, పన్నెండో వారంలో అంత స్పష్టంగా రాలేదు. విద్యార్థి మోసం చేయాలనుకోలేదు. ఫలితాల పట్టిక ముందు పెట్టుకుని పద్ధతులు రాస్తే ఎవరి చేతి నుంచైనా ఇలాంటి వాక్యమే వస్తుంది. 2004లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశీలన ట్రయళ్ల ప్రోటోకాల్‌లను వాటి పేపర్లతో పోల్చింది. వాటిలో 62 శాతం ట్రయళ్లలో కనీసం ఒక ప్రధాన ఫలితాంశం మారిందో, కొత్తగా చేరిందో, మాయమైందో అని తేల్చింది. పేపరు ఒక్కటే చదివేవారికి ఈ మార్పు కనిపించే దారి లేదు.

ఆరో వారాన్ని తీసేయడం సులువు. రిజిస్ట్రీ మొదటి నమోదులో పన్నెండో వారం ఒక్కటే ఉంది. కానీ పన్నెండో వారం స్కోరా, లేక తగ్గుదలా? ప్రోటోకాలే రెండు రకాలుగా మాట్లాడుతున్నప్పుడు మనకు నచ్చినదాన్ని ఎంచుకోకూడదు. ఇలాంటిచోట నేను చూసేది ఎంతమంది రోగులు కావాలో లెక్క వేసిన శాంపిల్ సైజు పేరాను. లెక్క వేయాలంటే ఏ కొలతకు ఎంత వ్యత్యాసం ఉంటుందో ఒక సంఖ్య పెట్టక తప్పదు. అందువల్ల బృందం మనసులో నిజంగా ఏ ఫలితాంశం ఉందో అక్కడ బయటపడుతుంది. ఈ ప్రోటోకాల్‌లో స్కోర్లు రోగి నుంచి రోగికి ఎంత మారతాయో చెప్పే ప్రామాణిక విచలనం 20 మిల్లీమీటర్లు అని, అది వ్యాయామం తర్వాత తీసుకున్న చివరి స్కోరుకు సంబంధించినదని ఉంది. గుర్తించాలనుకున్న తేడా 10 మిల్లీమీటర్లు, తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం, అంటే పవర్, 80 శాతం, లేని తేడాను ఉందనుకునే అవకాశం రెండువైపులా కలిపి 5 శాతం, మధ్యలో మానేసేవారు 15 శాతం. లెక్కను మళ్లీ వేశాం:

```
n = 2 × (1.96 + 0.84)² × 20² / 10² = 62.7 → 63
63 / 0.85 = 74.1 → 75
```

గుంపుకు 75 మంది, మొత్తం 150. ప్రోటోకాల్‌లోనూ అదే సంఖ్య ఉంది. మానేసేవారి కోసం 63ను 1.15తో గుణించడం తరచుగా కనిపిస్తుంది, అలా చేస్తే 73 వస్తుంది. కానీ 73లో 15 శాతం పోతే 63 మంది మిగలరు, 0.85తో భాగించడమే సరైన పద్ధతి. ఇక్కడ ఆ పొరపాటు లేదు. లెక్కలో వాడిన విచలనం చివరి స్కోరుదే, రిజిస్ట్రీ కూడా ‘పన్నెండో వారం స్కోరు’ అనే అంటోంది. రెండు స్వతంత్ర సాక్ష్యాలు కలిశాయి కాబట్టి ప్రధాన ఫలితాంశం పన్నెండో వారం నొప్పి స్కోరే అని స్థిరపడ్డాం. ఫలితాంశాల భాగంలోని ‘తగ్గుదల’ అన్న మాటను మాత్రం తుడిచేయలేదు. ప్రోటోకాల్‌లో రెండు రకాల పదాలు ఉన్నాయని, ఏ ఆధారంతో ఒకదాన్ని తీసుకున్నామో అనుబంధంలో రాశాం.

శాంపిల్ సైజు గురించి ఇంకొక విషయం. 150 మందిని అనుకుంటే చేరింది 132 మంది, గుంపుకు 66. అనుమతించిన కాలం ముగియడంతో చేర్చుకోవడం ఆపేశారు. ఈ సంఖ్యను చూసి బృందంలో ఒకరు ‘132 మందితో పవర్ ఎంతో ఇప్పుడు లెక్క వేసి పద్ధతుల్లో పెడదాం’ అన్నారు. వద్దన్నాను. అధ్యయనం అయ్యాక, వచ్చిన తేడాతోనే వేసే పవర్ లెక్క పి-విలువను వేరే రూపంలో మళ్లీ చెప్పడమే, అందులో కొత్త సమాచారం ఉండదు. మన అంచనా ఎంత కచ్చితమో కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ చెబుతుంది, దాని చోటు ఫలితాల్లో. పద్ధతుల్లో రావలసింది వేరు: మొదట వేసిన లెక్కను వేసినట్టే ఉంచి, తర్వాత ఎందుకు ఆపారో, ఆపేముందు ఎవరైనా ఫలితాలు చూశారో లేదో చెప్పాలి. తేడా కనిపించగానే ఆపేశారా అన్నది పాఠకుడికి వచ్చే న్యాయమైన అనుమానం. ఆపమన్న నిర్ణయం ఉన్న సమావేశ నమోదు తేదీని డేటా ఎంట్రీ లాగుతో పోల్చాం. ఆ రోజుకు గుంపుల వివరాలు ఫలితాల ఫైలుతో కలపలేదు. ఆ మాట రాయడానికి ఇప్పుడు ఆధారం ఉంది.

ఇక విశ్లేషణ. ఈ కేసులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన భాగం ఇది. ‘రెండు గుంపుల సగటు స్కోర్లను టి-పరీక్షతో పోల్చుతాం’ అని ప్రోటోకాల్‌లో ఒకే వాక్యం ఉంది. చిత్తుప్రతిలో మాత్రం ‘మొదటి స్కోరుకు సరిచేస్తూ అన్‌కోవాతో విశ్లేషించాం’ అని ఉంది. రోగులకు మొదట్లో ఉన్న నొప్పిని లెక్కలోకి తీసుకుని గుంపులను పోల్చే గణాంక పద్ధతి ఇది. పన్నెండో వారం కొలత ఉన్నవారు సందేశాల గుంపులో 58, రెండో గుంపులో 56, మొత్తం 114. టి-పరీక్షతో తేడా 6.1 మిల్లీమీటర్లు సందేశాలకు అనుకూలంగా వచ్చింది, 95 శాతం ఇంటర్వల్ 12.9 తగ్గుదల నుంచి 0.7 పెరుగుదల దాకా. అన్‌కోవాతో తేడా 6.4, ఇంటర్వల్ 12.3 తగ్గుదల నుంచి 0.5 తగ్గుదల దాకా. మొదటి ఇంటర్వల్ సున్నాను దాటుతుంది, రెండోది దాటదు. ఒకే డేటా, కానీ ఒక పేపరు ‘తేడా ఉంది’ అంటుంది, ఇంకొకటి ‘ఉందో లేదో చెప్పలేం’ అంటుంది.

ముఖ్య పరిశోధకులు నన్ను సూటిగా అడిగారు. ‘మొదటి స్కోరుకు సరిచేయడమే మంచి పద్ధతి అని మీరే చెబుతారు కదా? మరి మెరుగైనదాన్ని వాడితే తప్పేమిటి?’ ఆయన చెప్పినదాంట్లో సగం పూర్తిగా నిజం. రాండమైజేషన్ చేసిన అధ్యయనంలో మొదటి స్కోరుకు సరిచేస్తే అంచనా మరింత కచ్చితమవుతుంది. మొదటి, చివరి స్కోర్ల మధ్య సహసంబంధం 0.5 ఉంటే స్కోర్ల చెదురుదలను చెప్పే వేరియన్స్‌లో నాలుగో వంతు తగ్గుతుంది, ఇక్కడ ఇంటర్వల్ ఇరుకైంది కూడా అందువల్లనే. ఈ అధ్యయనం ప్రణాళిక దశలోనే నా దగ్గరికి వచ్చి ఉంటే అన్‌కోవానే సూచించేవాణ్ణి. ఇక్కడి ప్రశ్న ఏ పద్ధతి మంచిదన్నది కాదు, ఎంపిక ఎప్పుడు జరిగిందన్నది. రెండు పద్ధతులూ చేసి చూసి, ఫలితాలు తెలిశాక ఒకదాన్ని ఎంచుకుంటే, 5 శాతం అని మనం చెప్పే పొరపాటు అవకాశం ఇక 5 శాతం కాదు.

అందుకని ఒక్కటే అడిగాను: డేటాలో గుంపుల పేర్లు తెరవకముందు అన్‌కోవా గురించి రాసిన ఏదైనా కాగితం, ఈమెయిలు, సమావేశ నమోదు ఉందా? వెతికారు, దొరకలేదు. విశ్లేషణ ఫైళ్లలో పాతది టి-పరీక్షది, అన్‌కోవా ఫైలు దాని తర్వాతిది. ఒకవేళ ముందు తేదీతో ఒక ఈమెయిలు దొరికి ఉంటే, ప్రణాళికను గుంపులు తెరవకముందే మార్చామని చెప్పి అన్‌కోవాను ప్రధాన విశ్లేషణగా పెట్టడానికి నాకు అభ్యంతరం ఉండేది కాదు. లేదు కాబట్టి పద్ధతుల్లో ఇలా రాశాం: ‘ప్రోటోకాల్‌లో నిర్ణయించినట్టు, పన్నెండో వారం సగటు నొప్పి స్కోర్లను టి-పరీక్షతో పోల్చాం. ఇది ప్రధాన విశ్లేషణ. మొదటి స్కోరుకు సరిచేస్తూ చేసిన అన్‌కోవా ప్రోటోకాల్‌లో లేదు. డేటా చూసిన తర్వాత దాన్ని అదనపు విశ్లేషణగా చేశాం.’ రెండు ఫలితాలూ పక్కపక్కనే ఇచ్చాం. సారాంశంలో మొదటిది మాత్రమే ఉంది. ముఖ్య పరిశోధకులు ఒక రోజు ఆలోచించుకుని ఒప్పుకున్నారు. అందుకు ఆయన మీద నా గౌరవం పెరిగింది, ఎందుకంటే ఆ వాక్యంతో పేపరు ప్రచురణ కష్టమవుతుందని ఆయనకు బాగా తెలుసు.

అదే పేరాలో ‘ఇంటెన్షన్ టు ట్రీట్ పద్ధతిలో విశ్లేషించాం’ అన్న మాట కూడా ఉంది. ప్రోటోకాల్‌లో ఉంది కనుక చిత్తుప్రతిలోకి వచ్చింది. చేర్చుకున్న అందరినీ కేటాయించిన గుంపులోనే లెక్కించామని దాని అర్థం. కానీ 132 మందిలో 18 మందికి పన్నెండో వారం కొలతే లేదు, వారి విలువలను ఏ పద్ధతిలోనూ అంచనా వేయలేదు. కాబట్టి చేర్చుకున్న అందరూ విశ్లేషణలో లేరు. జరిగింది ఏమిటంటే, కొలత ఉన్నవారిని, వ్యాయామం చేసినా మానేసినా, కేటాయించిన గుంపులోనే ఉంచి పోల్చారు. ఆ మాటే రాశాం. పేరు కంటే వివరణ మేలు: ఎవరు లెక్కలో ఉన్నారు, ఏ గుంపులో లెక్కించారు, లేని కొలతలను ఏం చేశారు అన్న మూడు సంగతులూ తెలిస్తే పాఠకుడు దానికి ఏ పేరు పెట్టాలో తానే తేల్చుకోగలడు.

‘ఆధారం లేదు’ అన్న వరుసల్లో పెద్దది బ్లైండింగ్, అంటే ఎవరు ఏ గుంపో తెలియకుండా ఉంచడం. రోగులకు సందేశాలు వస్తున్నాయో లేదో వారికి తెలుస్తుంది, అది దాచలేం. అందుకే కొలతలు తీసే ఫిజియోథెరపిస్టుకు గుంపు తెలియకుండా చూస్తామని ప్రోటోకాల్‌లో రాశారు. చిత్తుప్రతి ‘తెలియకుండా చూశాం’ అంటోంది. దీన్ని ఎలా రుజువు చేయాలి? ప్రతి కొలత ఫారం కింద తీసినవారి సంతకం ఉంటుంది. పన్నెండో వారం ఫారాలు 114 తిరగేస్తే, తొమ్మిదింటి మీద కొలతలు తీయవలసినవారి సంతకం కాక, వ్యాయామం నేర్పి సందేశాల పని చూసిన ఫిజియోథెరపిస్టు సంతకం ఉంది. అడిగితే ఆమె వెంటనే చెప్పారు: కొలతలు తీసేవారు సెలవులో ఉన్నప్పుడు రోగి దూరం నుంచి వచ్చారు, వెనక్కి పంపలేక తానే తీసుకున్నారు. క్షేత్రంలో అది సరైన నిర్ణయమే, లేకపోతే ఆ కొలత కూడా పోయేది. కానీ ఆమెకు ఎవరు ఏ గుంపో తెలుసు. కాబట్టి పద్ధతుల్లో, కొలతలు తీసేవారికి గుంపు తెలియకుండా ఏర్పాటు చేశామని, అయితే పన్నెండో వారం కొన్ని కొలతలను వ్యాయామం నేర్పినవారే తీశారని, వాటిని వదిలేసి కూడా విశ్లేషణ చేశామని రాశాం. తొమ్మిది అన్న సంఖ్య, వదిలేశాక వచ్చిన తేడా ఫలితాల్లోకి వెళ్లాయి. తేడా పెద్దగా మారలేదు. మారి ఉన్నా రాసేవాళ్లం.

ఇక్కడ ఒక సరిహద్దు తెలిసి ఉండాలి. జరిగినదంతా పద్ధతుల్లో కుక్కితే అది చదవలేని డైరీ అవుతుంది. ఎలా చేశాం, ఏ ఏర్పాటు ఉంది, ఏది ఎందుకు మార్చాం అన్నవి పద్ధతుల్లోకి వస్తాయి. ఎంతమంది, ఎన్నిసార్లు, ఎంత శాతం అన్నవి ఫలితాల్లోకి వెళ్తాయి. సందేశాల విషయంలో ఇది బాగా కనిపించింది. వారానికి మూడు అని ప్రణాళిక, కానీ పంపే వ్యవస్థ కొంతకాలం పనిచేయక కొందరికి తక్కువ వెళ్లాయని లాగు చూపింది. పద్ధతుల్లో ఏం పంపాలని నిర్ణయించాం, సందేశంలో ఏముంది, ఏ సమయంలో వెళ్తుంది, వెళ్లిందో లేదో ఎలా నమోదు చేశాం అని రాశాం. నిజంగా ఎన్ని వెళ్లాయన్నది ఫలితాల మొదట్లో వచ్చింది. ట్రయల్ నివేదికలకు ఉన్న కన్సార్ట్ మార్గదర్శకాలు 2025 రూపంలో 30 అంశాలతో ఉన్నాయి. అధ్యయనం మొదలయ్యాక జరిగిన ముఖ్యమైన మార్పులను, ముందుగా నిర్ణయించని ఫలితాంశాలు, విశ్లేషణలతో సహా, కారణాలతో చెప్పమని అందులో విడిగా ఒక అంశమే ఉంది. మేము పద్ధతుల చివర ‘ప్రోటోకాల్ నుంచి మార్పులు’ అని ఒక చిన్న పేరా పెట్టి ముఖ్యమైనవన్నీ అక్కడ చేర్చాం. పూర్తి పట్టికను, ప్రోటోకాల్ అన్ని వెర్షన్లను అనుబంధంగా జతచేశాం.

అప్పుడు పరిచయానికి వచ్చాం. ప్రోటోకాల్‌లోని నేపథ్యం నాలుగు పేజీలు. అది ఎథిక్స్ కమిటీ కోసం, నిధులిచ్చేవారి కోసం రాసినది. వ్యాధి ఎంత వ్యాపించింది, మృదులాస్థి ఎలా అరుగుతుంది, వ్యాయామం సురక్షితమా, ఈ ఆసుపత్రిలో ఇంతమంది రోగులు దొరుకుతారా, సందేశాలకు అయ్యే ఖర్చెంత అని వారు అడుగుతారు. అనుమతి ఇవ్వవచ్చా అన్నది వారు తేల్చవలసిన విషయం. పేపరు పాఠకుడికి ఆ నిర్ణయంతో పని లేదు. అతనికి తెలియవలసింది ఒక్కటే: ఇప్పటిదాకా తెలిసినదానికీ ఈ అధ్యయనం అడిగినదానికీ మధ్య ఖాళీ ఏమిటి. కాబట్టి కుదించడం అంటే ప్రతి పేరాను చిన్నది చేయడం కాదు. ఖాళీకి దారితీయని పేరాలను మొత్తంగా తీసేయాలి. మృదులాస్థి పోయింది, ఆసుపత్రి వివరాలు పోయాయి, ఖర్చు పోయింది.

మిగిలినవి మూడు పేరాలు. మొదటి పేరా: మోకాలి అరుగుదలలో వ్యాయామం నొప్పిని తగ్గిస్తుందన్నది స్థిరపడిన విషయం, చికిత్సా మార్గదర్శకాలు దాన్ని మూలచికిత్సగా సూచిస్తాయి. రెండో పేరా: కానీ ఇంట్లో చేసే వ్యాయామం రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, గుర్తుచేస్తే ఎక్కువమంది కొనసాగిస్తారని కొన్ని అధ్యయనాలు చూపాయి, అయితే ఆ కొనసాగింపు నొప్పి తగ్గేదాకా వెళ్తుందా అన్నది వాటిలో తేలలేదు. మూడో పేరా: లక్ష్యం. ‘వ్యాయామ శిక్షణకు ఫోను సందేశాలు జోడిస్తే, శిక్షణ ఒక్కటే ఇచ్చినప్పటితో పోలిస్తే, పన్నెండో వారం నొప్పి స్కోరు తక్కువగా ఉంటుందా అని పరీక్షించాం.’ ఈ వాక్యంలోని ప్రతి ముక్క పద్ధతుల్లో ఒక శీర్షికకు అతుకుతుంది: ఎవరితో పోలిక, ఏ కొలత, ఏ సమయం.

చిత్తుప్రతి పరిచయంలో ప్రోటోకాల్‌లో లేని ఒక పేరా ఉంది. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లోనే స్పందన ఎక్కువని, అందువల్ల ఆరో వారం ప్రత్యేకంగా చూడదగినదని అది చెబుతుంది. ఆధారాలు సరైనవే, వాదన కూడా బాగుంది. కానీ అది ఫలితాలు తెలిశాక పుట్టిన పేరా. ఫలితాలు తెలిశాక పరికల్పన కట్టి, దాన్ని ముందే అనుకున్నట్టు చూపడానికి 1998లో నార్బర్ట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త హార్కింగ్ అని పేరు పెట్టారు. దీన్ని పట్టుకోవడానికి నేను చేసేది సులువైన పని. ఫలితాలు చూడని ఒక సహోద్యోగికి పరిచయం మాత్రమే ఇచ్చి, ‘ఇందులో ఏం తేలిందని మీకు అనిపిస్తోంది?’ అని అడుగుతాను. ఆ పేరాతో చదివినవారు ‘ఆరో వారంలో బాగా వచ్చినట్టుంది’ అన్నారు. పేరా చర్చ భాగంలోకి వెళ్లింది, అక్కడ అది ఒక వివరణగా నిలబడుతుంది.

ఇంకొక సమస్య కాలం. ప్రోటోకాల్ రాసిన తర్వాత, మా పేపరు రాసేలోపు, ఇలాంటి ప్రశ్న మీదే మరొక అధ్యయనం ప్రచురితమైంది. దాన్ని వదిలేస్తే పరిచయం పాతబడుతుంది. దాన్ని మా ప్రేరణగా చూపిస్తే అబద్ధం అవుతుంది, మన రోగులు చేరడం మొదలైననాటికి అది లేదు. అందుకని సాహిత్యాన్ని మళ్లీ వెతికి, ఏ తేదీ దాకా వెతికామో నమోదు చేసుకుని, రెండో పేరాను రెండు కాలాల్లో రాశాం. ‘మేము ఈ అధ్యయనం ప్రణాళిక చేసేనాటికి’ అని ఒక వాక్యం, ‘ఆ తర్వాత వెలువడిన ఒక అధ్యయనంలో’ అని ఇంకొకటి. కొత్త అధ్యయనం ఫలితాలతో మనవాటిని పోల్చడం చర్చకు వదిలాం. ప్రోటోకాల్‌లో ఉదహరించిన పాత సమీక్షకు నవీకరించిన రూపం వచ్చిందేమో కూడా చూడాలి, వస్తే పాతదాని స్థానంలో అదే పెట్టాలి.

సొంత ప్రోటోకాల్ నుంచి వాక్యాలు తీసుకోవడం గురించి విద్యార్థి భయపడుతూ అడిగారు. ఈ ప్రోటోకాల్ ఎక్కడా ప్రచురితం కాలేదు కాబట్టి ఇబ్బంది లేదు. ప్రచురితమై ఉంటే, కొలతల వివరాలు అవే మాటల్లో రాక తప్పనిచోట కూడా ఆ ప్రోటోకాల్ పేపరును ఉదహరించి, వివరాలకు పాఠకుణ్ణి అక్కడికి పంపి, ఇక్కడ సారం, మార్పులు మాత్రమే ఇవ్వాలి.

పేపరు పంపాక వచ్చిన సమీక్షల్లో ఒకదాని గురించి చెప్పాలి. ఒక సమీక్షకులు పద్ధతుల్ని జాగ్రత్తగా చదివి, అన్‌కోవా మెరుగైన విశ్లేషణ కనుక దాన్నే ప్రధానం చేసి, టి-పరీక్షను అనుబంధంలోకి పంపమని సూచించారు. బృందానికి ఇది కోరుకున్నదే చేతికి అందినట్టు అనిపించింది. జవాబు మేమందరం కలిసి రాశాం: మొదటి స్కోరుకు సరిచేయడం మెరుగన్న అభిప్రాయంతో మేము ఏకీభవిస్తున్నాం, ఫలితం పూర్తిగా పేపరులోనే ఇచ్చాం. అయితే ప్రోటోకాల్‌లో, మొదటి రోగి చేరకముందే నమోదైన ప్రధాన విశ్లేషణ టి-పరీక్ష. సరిచేసిన విశ్లేషణను గుంపులు తెరిచిన తర్వాతే చేశాం, కాబట్టి దాన్ని ప్రధానంగా పిలవలేం. ప్రోటోకాల్ వెర్షన్, ఫైళ్ల తేదీలు అనుబంధం రెండో పట్టికలో ఉన్నాయి. ఎడిటరు ఆ జవాబును అంగీకరించారు. ‘అదనపు విశ్లేషణ’ అన్నచోట ‘డేటా చూసిన తర్వాత చేసినది’ అన్న మాటను పట్టిక శీర్షికలో కూడా చేర్చమని అడిగారు, చేర్చాం.